దేవునర్రలో గోలీల డబ్బా

మా ఇంట్లో పంచాంగం చూసే అలవాటు ఎవరికీ లేదు. ఆ అలవాటున్నది మా ఊరి ఆరెంపీకి. జ్వరాలకు గోలీలిచ్చి, సూదులు వేసే మనిషి ఆయన. రామన్నపేట చుట్టుపక్కల ఊళ్లలో ఆయన హస్తవాసి మంచిదని పేరు. ఆ పేరు మీద మా అత్తమ్మకున్న నమ్మకం నల్లగొండ డాక్టరమ్మ మీద కూడా ఉండేది కాదు. పొట్ట మీద సూది నేనే వేసుకోవచ్చని దవాఖానలో సిస్టర్ నేర్పించి పంపింది. అత్తమ్మ ఒప్పుకోలేదు. సంతానం కోసం వేసే సూది మంచి చేతి మీదుగా పడాలన్నది. సరే కానీ అన్నాను. అప్పటికి పెళ్లయి ఎనిమిదేళ్లు. దేనికైనా సరే కానీ అనడం నాకు బాగా అలవాటైపోయింది.

ఆ ఎనిమిదేళ్లలో గోలీలు మింగాను, సూదులు వేయించుకున్నాను, మా ఆయన వీర్యాన్ని శుభ్రం చేసి గర్భసంచిలోకి ఎక్కించే చికిత్స రెండుసార్లు చేయించుకున్నాను. ఏదీ నిలవలేదు. చివరికి ఐవీఎఫ్ అన్నారు. గుడ్లను బయటికి తీసి, దవాఖానలోనే పిండం తయారుచేసి, మళ్లీ కడుపులో పెట్టడం. ఇది ఒక్కసారే, రెండోసారి అడిగితే నేను రానని మా ఆయనకు ముందే చెప్పాను. సరేనన్నాడు. అంత తొందరగా ఎందుకు సరేనన్నాడని మళ్లీ నాకే కోపమొచ్చింది. నేను పనిచేసే ప్రైవేటు బడికి ఎండాకాలం సెలవులిచ్చారు. ఆ సెలవుల్లోనే ఇదంతా పెట్టుకున్నాం.

పది పన్నెండు రోజులు గుడ్లు పెరగడానికి సూదులు. రెండు రోజులకోసారి బస్సెక్కి నల్లగొండ పోవడం, స్కానింగులో గుడ్లుండే సంచులెంత పెరిగాయో చూపించుకోవడం, మళ్లీ ఎండలో రావడం. ఒకరోజు డాక్టరమ్మ తెర మీద చూసి చాలన్నది. ఇక ఆఖరి సూది. దాన్ని ట్రిగ్గర్ అంటారు. సిస్టర్ నన్ను పక్కకు కూర్చోబెట్టి, ఎన్నిసార్లు చెప్పినా విసుగు రాని గొంతుతో చెప్పింది.

"చూడమ్మా, ఇప్పటిదాక గుడ్లు పెరిగినయి, గని పండలే. గీ సూది వాటిని పండిస్తది, సంచి గోడ నుంచి విడదీస్తది. ఎల్లుండి పొద్దున తొమ్మిదిన్నరకు గుడ్లు తీస్తరు. సూదికీ తీసుటికీ నడుమ ముప్ఫై ఆరు గంటలుండాలె. అంటే ఇయ్యాల రాత్రి తొమ్మిదిన్నరకు పడాలె. తక్కువ టైముల తీస్తే పచ్చిగుంటయి. మస్తు ఆలస్యం చేస్తే సంచి పగిలి అవ్వే వెళ్లిపోతయి, మాకు దొరకయి."

"కొంచెం అటూ ఇటూ అయితే?" అన్నాను.

"అయితే అయిందని ఫోన్ చెయ్యి. సిగ్గుపడి తొమ్మిదిన్నరకే ఏసుకున్న అని మాత్రం చెప్పకు. సూది ఎప్పుడు పడ్డదో దాన్ని బట్టే మేం టైం మార్చుకుంటం."

ఆ రాత్రి మా ఆయన కరెంటు సబ్‌స్టేషన్‌లో డ్యూటీలో ఉన్నాడు. ఆరెంపీ తొమ్మిదింటికే వచ్చాడు. అందుకు ఆయన్ని మెచ్చుకోవాలి. అత్తమ్మ ఇచ్చిన చాయ తాగి, సూదిలోకి మందు తీసుకునే ముందు గోడకున్న క్యాలెండర్ వైపు చూశాడు. కళ్లద్దాలు పైకెత్తి మళ్లీ చూశాడు.

"అమ్మా, గిప్పుడు వర్జ్యం నడుస్తాంది. పది దాటినంక ఏస్త. జర ఆగుదాం" అన్నాడు.

జ్వరమొచ్చిన వాళ్లకు ఆయన వర్జ్యం చూసి సూది వేయడం నేనెప్పుడూ చూడలేదు. అదే అడిగాను. "జ్వరం వేరు బిడ్డా, ఇది సంతానం ముచ్చట" అన్నాడు. మంచి కోరే చేస్తున్నాడు, అదే పెద్ద తంటా. చెడ్డవాడైతే తిట్టి పంపేదాన్ని. అత్తమ్మ నా మొహమూ ఆయన మొహమూ చూస్తూ నిలబడింది. ఆమె ఎదురుగా ఆయన చేతిలోంచి సూది లాక్కోవడానికి నాకు ధైర్యం చాలలేదు. మా ఆయనకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. గాలిదుమారానికి ఎక్కడో లైను తెగిందట, ఆ హడావిడిలో ఉన్నాడు.

"డాక్టర్ సాబ్, వర్జ్యం నీ సూదికా, నా కడుపుకా? గుడ్లు క్యాలెండర్ చూసుకుంటయా?" అని గట్టిగా అరిచాను. ఆయన నొచ్చుకున్నాడు. నొచ్చుకున్నవాడు ఇంకా నెమ్మదిగా పనిచేస్తాడని నాకప్పుడు తెలిసింది. చివరికి సూది పడేసరికి పదిన్నర.

సిస్టర్ చెప్పిన మాట గుర్తుంచుకుని ఆమెకు ఫోన్ చేశాను. వర్జ్యం సంగతి చెప్పలేక ఆలస్యమైందని మాత్రం చెప్పాను. "గంటనేనా? చెప్పినవ్, మంచిగైంది. నిన్ను ఆ పొద్దటి కేసుల ఆఖరుకు పెడ్త. పదిన్నరకు తీస్తరు" అన్నది. అంతే. అంత సులభంగా సర్దుకునే దానికి నేను ఆ రాత్రంతా కడుపు పట్టుకుని ఏడ్చాను.

గుడ్లు తీసేటప్పుడు మత్తిచ్చారు. సన్నని సూదితో ఒక్కో సంచిలోని నీటిని లాగుతారు, ఆ నీటితో పాటు గుడ్డు వస్తుందని తర్వాత చెప్పారు. నాకు మెలకువ వచ్చేసరికి పొత్తికడుపు గడ్డకట్టినట్టుంది. గుడ్లు బాగానే వచ్చాయన్నారు. కానీ అయిదు రోజులు తిరిగేసరికి బాగా ఎదిగిన పిండం ఒక్కటే మిగిలింది. దాచిపెట్టుకోవడానికి రెండోది లేదు. ఆ ఒక్కదాన్నే గర్భసంచిలో పెట్టారు. సన్నని గొట్టంతో పెట్టారు, నొప్పి లేదు. ఇంత తతంగం తర్వాత అది అంత చిన్న పనా అనిపించింది.

గుడ్లు తీసిన మర్నాటి నుంచే కొత్త గోలీలు మొదలయ్యాయి. ప్రొజెస్టెరాన్ గోలీలు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మింగేవి కావు. యోనిలో లోపలికి పెట్టుకోవాలి. ఫ్రిజ్ అక్కర్లేదు, ఎండ తగలని చల్లని జాగాలో పెడితే చాలన్నారు. లేకపోతే మెత్తబడి కరిగిపోతాయట.

ఎండాకాలం మా ఊళ్లో చల్లని జాగా అంటే నవ్వొస్తుంది. పై గది పొయ్యిలా ఉంటుంది. ఇంటి మొత్తంలో చల్లగా ఉండేది ఒక్క దేవునర్రే, అంటే దేవుడి గది. పాత మట్టిగోడ, కిటికీ లేదు. అత్తమ్మ డబ్బా తీసుకుపోయి అక్కడ పెట్టింది. పెట్టిన చోట ఊరికే ఉంచలేదు. యాదగిరిగుట్ట నుంచి తెచ్చిన కుంకుమ తీసి డబ్బాకు బొట్టు పెట్టింది. మర్నాటి నుంచి రోజూ పూజలో దేవుళ్లతో పాటు డబ్బాకూ ఒక పువ్వు పెట్టేది.

ఆ గోలీ ఎక్కడ పెట్టుకోవాలో నేను అత్తమ్మకు చెప్పలేదు. ఎట్లా చెప్పను? మా మధ్య ఆ మాటలు ఎప్పుడూ లేవు. నేను స్నానం చేసి, దేవునర్రలోకి పోయి, దండం పెట్టి, గోలీ తీసుకుని, గదిలోకి పోయి తలుపేసుకునేదాన్ని. అరగంట పడుకునేదాన్ని.

"గోలీ మింగెతందుకు తలుపేసుకునుడేంది బిడ్డా? నీళ్ల చెంబు గూడ తీస్కవోతలేవు" అని ఒకరోజు అడిగింది.

"మింగినంక పండుకోవాలెనట అత్తమ్మా" అన్నాను. అబద్ధం సగమే కదా అని సర్దిచెప్పుకున్నాను.

ఆ రోజుల్లో నాకు నిద్ర తప్ప ఏమీ గుర్తులేదు. ఆ మందు మత్తుగా ఉంచుతుంది. కడుపు ఉబ్బుతుంది, రొమ్ములు సలుపుతాయి. ఇవన్నీ గర్భం లక్షణాలే అనుకుని ఒక పూట సంతోషపడతాం. మందు లక్షణాలని గుర్తొచ్చి ఇంకో పూట ఏడుస్తాం. కరిగిన గోలీ తెల్లగా కారి బట్టలు పాడవుతుంటే రోజుకు రెండుసార్లు బట్ట మార్చుకునేదాన్ని. ఇంట్లో పరీక్ష చేసుకోవద్దని సిస్టర్ ముందే చెప్పింది. ట్రిగ్గర్ సూదిలో ఉన్నదీ, గర్భం వచ్చినప్పుడు కనబడేదీ ఒకటే హార్మోనట. తొందరపడితే సూది మందునే గర్భమని చూపిస్తుందట. రక్తపరీక్షకు ఎప్పుడు రావాలో వాళ్లే తారీఖు రాసిచ్చారు.

ఆ తారీఖుకు ఇంకా నాలుగైదు రోజులుండగా, ఒక మధ్యాహ్నం బట్ట మీద ఎర్రగా కనిపించింది. ఎక్కువేమీ కాదు. కానీ ఎర్రగా.

బాత్రూంలో చాలాసేపు నిలబడ్డాను. అప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఉన్నదున్నట్టు రాస్తాను: హాయిగా అనిపించింది. అయిపోయింది. ఇక బస్సులు లేవు, సూదులు లేవు, తలుపేసుకుని పడుకోవడాలు లేవు. ఎవరూ నన్ను ఏమైందని అడగరు. ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు. ఆ తర్వాత వచ్చిన దాన్ని దుఃఖమని కూడా అనలేను, ఒంట్లో ఉన్నదంతా ఎవరో తోడేసినట్టయింది.

బయటికొచ్చి అత్తమ్మతో, "అయింది అత్తమ్మా" అన్నాను. మా ఇంట్లో ఆ మాటకు ఒకటే అర్థం. ఆమె మొహం వాడిపోయింది. చాప తెచ్చి ముందరి అర్రలో పరిచింది, చెంబూ గ్లాసూ వేరుగా పెట్టింది. ముట్టయితే మా ఇంట్లో వంటింట్లోకీ దేవునర్రలోకీ పోము. తలస్నానం చేసే దాకా అంతే. కోడలిగా వచ్చినప్పటి నుంచి ప్రతి నెలా ఆ చాప మీద నేను ఓడిపోయి కూర్చుంటూనే ఉన్నాను.

సాయంత్రం గోలీ వేళయింది. డబ్బా దేవునర్రలో ఉంది. నేను పోకూడదు. తెచ్చివ్వమని అత్తమ్మనడగాలంటే, దేవుడి దగ్గర బొట్టు పెట్టి పూజించిన దాన్ని ముట్టుదానికి ఎట్లా ఇస్తుంది? పైగా కడుపే పోయినాక మందెందుకు? ఆమే అన్నది, "ఇగ వేడి మందులు బంద్ చెయ్యి బిడ్డా. పానం పాడుగైతది." నాకు ఎదురుచెప్పే ఓపిక లేదు. ఆ పూట పోయింది. మర్నాడు పొద్దుటి పూట కూడా పోయింది.

డ్యూటీ నుంచి వచ్చి మా ఆయన చాప మీద నన్ను చూశాడు. పక్కన కూర్చున్నాడు. "సిస్టర్‌కు చెప్పినవా?" అన్నాడు.

"ఏం చెప్పాలె? ముట్టయిందని చెప్పాల్నా?"

"పరీక్షకు రమ్మన్నరు గద. వస్తలేమనన్న చెప్పాలె" అని ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు.

నేను చెప్పడం పూర్తికాకముందే సిస్టర్ అడిగింది, "రక్తం ఎంత పోతాంది? బట్ట నిండుతాందా?"

"లేదు. మరకలోలె ఉన్నది."

"గోలీలు పెట్టుకుంటున్నవా?"

"నిన్నటి నుంచి లేదు."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. "అమ్మా, మరక కనబడంగనె ముట్టు అనుకోవద్దు. పిండం అతుక్కునేటప్పుడు గూడ గట్ల కనబడొచ్చు, గోలీల వల్ల లోపల ఒరుసుకపోయి గూడ రావొచ్చు. పోయిందో లేదో రక్తపరీక్షనే చెప్తది. అప్పటిదాక మందు ఆపొద్దు. ఇప్పుడే పెట్టుకో. పెట్టుకుని ఇయ్యాలనే రా, డాక్టరమ్మ చూస్తది."

ఫోన్ పెట్టేశాను. నిన్న హాయిగా అనిపించిందని రాశానే, ఇప్పుడు ఆ ఒక్క పిండం మీద ఎక్కడలేని ఆశ పుట్టుకొచ్చింది. లేచి దేవునర్ర గుమ్మం దాకా పోయాను. అత్తమ్మ అడ్డమొచ్చింది.

"ఆగు బిడ్డా. మైలతోని పోతవా?"

"గోలీ కావాలె అత్తమ్మా. ఆపొద్దట."

"స్నానం చేసినంక మింగుదువు తియ్."

ఇక దాచి లాభం లేదనిపించింది. కోపం, సిగ్గు, అలసట, మూడూ కలిసి నోట్లోంచి వచ్చేశాయి. "అవి మింగే గోలీలు కావు అత్తమ్మా! కింది నుంచి లోపల పెట్టుకునేటియి! గర్భసంచి దగ్గర పెట్టుకోవాలె!"

మా ఆయన గబుక్కున వాకిట్లోకి వెళ్లిపోయాడు. అత్తమ్మ నోరు తెరిచి నన్ను చూసింది. దేవునర్రలో ఉన్న డబ్బాను చూసింది. దాని మీద ఆ పొద్దుటి పువ్వు ఇంకా ఉంది.

"గిన్ని దినాలు నేను దానికి పువ్వు వెట్టిన్నా?" అన్నది.

ఆమె కళ్లు మూసుకుని చెంపలు వేసుకుంది. తర్వాత ఎందుకో పెదవులు వణికాయి. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. నవ్వాపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వుతూనే లోపలికి పోయి, డబ్బా మొత్తం తెచ్చి, నేను ముట్టులో ఉన్నానని చూడకుండా నా చేతిలో పెట్టి, నా వేళ్లు గట్టిగా మూసింది.

"నరసింహస్వామికి తెల్వదా యాడ వెట్టుకుంటరో. పో, పండుకో" అన్నది.

ఆ రోజు నల్లగొండకు ఆమె కూడా వచ్చింది. నాకు తోడుగా అనుకున్నాను. డాక్టరమ్మను అడగాల్సినవి ఆమెకూ ఉన్నాయి. లోపల కూర్చోగానే మొదలుపెట్టింది: పిండం పెట్టినంక నిలవాలె గద, మళ్ల మందులెందుకు? మేం ఇంతమందిమి కన్నం, ఎవ్వలం గోలీలు పెట్టుకోలే.

డాక్టరమ్మ వయసులో చిన్నది. ఓపిగ్గా చెప్పింది. మామూలుగా నెలనెలా గుడ్డు విడుదలయ్యాక, ఖాళీ అయిన ఆ సంచే ఒక గ్రంథిలా మారి ఈ ప్రొజెస్టెరాన్‌ను తయారుచేస్తుందట. గర్భసంచి లోపలి పొరను నిలబెట్టేది అదే. అది తగ్గిపోతే పొర రాలుతుంది. ఆ రాలడమే ముట్టు. "ఈమెకు గుడ్లు పెరగడానికి మందులిచ్చాం, అవి ముందే విడుదల కాకుండా ఆపే మందులూ ఇచ్చాం. సంచుల్లోని నీటిని సూదితో లాగేశాం. దాంతో ఆ సంచులు సరిపడా పనిచేయవు, తొందరగా ఆగిపోతాయి. పిండం బాగున్నా కింద పొర నిలవకపోతే ఏం లాభం? అందుకే బయటి నుంచి మందిస్తున్నాం."

"ఎన్నాళ్లు గట్ల?"

"గర్భం నిలిస్తే, మాయ తయారై ఆ పని అదే చూసుకునే దాకా."

మాయ అనగానే అత్తమ్మ తలూపింది. బిడ్డ పుట్టాక మాయ పడేదాకా మంత్రసాని పక్కన కూర్చున్న మనిషి ఆమె. ఆ తర్వాత ఇంకేమీ అడగలేదు.

నేనడిగాను. "రెండు పూటలు తప్పినయి. దానివల్ల పోతదా మేడం?"

"రెండు పూటలకే పోయిందని చెప్పలేను. ఏం కాదని కూడా చెప్పలేను" అన్నది. గోలీలకు తోడు తుంటికి నూనెలో కలిపిన అదే మందు సూది రాసింది. ఆ సూది మా ఊరి ఆరెంపీయే వేశాడు. క్యాలెండర్ వైపు చూడలేదు. నేను ఆయన వైపు చూడలేదు.

మరకలు రెండు రోజులు వచ్చి ఆగాయి. రక్తపరీక్షలో గర్భమని వచ్చింది. హార్మోను అంకె కొంచెం తక్కువగా ఉందని రెండు రోజుల తర్వాత మళ్లీ చేశారు, పెరిగింది. ఆ తర్వాత స్కానింగులో గుండె కొట్టుకోవడం చూపించారు. మా ఆయన ఏడ్చాడు. నాకు రాలేదు. నాకు పొద్దుటి గోలీ, సాయంత్రం గోలీ తప్ప వేరే ధ్యాస లేదు. బడి తెరిచారు, నేను పోలేదు. సూది పడ్డ చోట తుంటి గడ్డలు కట్టి ఒక పక్కకు పడుకోలేకపోయేదాన్ని. గుండె కొట్టుకున్నాక కూడా ఇవెందుకని చుట్టాలు అడిగితే అత్తమ్మే జవాబు చెప్పేది: "మాయ ఇంక గట్టివడలే." ఒక్క పూట తప్పనివ్వలేదు. తలుపు బయట నిలబడి, "పెట్టుకున్నవా?" అని గట్టిగా అడిగేది. ఎదురింటోళ్లకు వినబడుతుందన్నా వినేది కాదు.

మూడో నెల నడుస్తుండగా డాక్టరమ్మ స్కానింగు చూసి, ఇక మందులు ఆపేయమన్నది. సూదులూ వద్దు, గోలీలూ వద్దు. మాయ బాగా పనిచేస్తోందట.

నేను కుర్చీలోంచి లేవలేదు. "ఇంకొన్ని దినాలు పెట్టుకుంట మేడం" అన్నాను.

"అవసరం లేదమ్మా."

"ఉన్న డబ్బా అయిపోయేదాక."

"వద్దమ్మా. ఇంక బిడ్డ తన సంగతి తాను చూసుకుంటుంది."

బయటికొచ్చి బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాం. అన్నేళ్లూ నేను కోరుకున్నది ఇదే కదా, మందు లేని ఒక్క రోజు. ఇప్పుడు ఒళ్లంతా భయం. రోజూ పెట్టుకుంటున్నప్పుడే ఎర్రగా కనిపించింది, రేపటి నుంచి అన్ని పూటలూ తప్పుతాయి. మొదటిసారి నేను చేయడానికి ఏ పనీ లేదు. చేసి తప్పించుకోవడానికి లేదు, చేయలేదని తిట్టుకోవడానికీ లేదు.

అత్తమ్మ రామన్నపేట బస్సు వచ్చి ఆగినా లేవలేదు. నా కడుపు వైపు చూస్తూ చిన్నగా అడిగింది.

"మరి ఇప్పుడు దాన్ని ఎవరు పట్టుకున్నరు బిడ్డా?"

"ఎవ్వరు లేరు అత్తమ్మా" అన్నాను. "అదే పట్టుకున్నది."

అప్పుడొచ్చింది నాకు ఏడుపు. ఎనిమిదేళ్లది. బస్సు వెళ్లిపోయింది. మేం తర్వాతి బస్సుకు పోయాం.